కలిపితే తిరగబడే లెక్క

1973లో అమెరికాలోని బర్క్లీ విశ్వవిద్యాలయంలో పై చదువులకు 8,442 మంది పురుషులు, 4,321 మంది స్త్రీలు దరఖాస్తు పెట్టుకున్నారు. పురుషుల్లో 44 శాతం మందికి సీటు వచ్చింది. స్త్రీలలో 35 శాతం మందికే వచ్చింది. ఇంత పెద్ద సంఖ్యల మధ్య తొమ్మిది శాతం తేడాను అదృష్టం ఖాతాలో వేయడం కుదరదు. ఈ రెండు అంకెలు మాత్రమే చేతిలో ఉన్నవాళ్ళెవరైనా ఆడవాళ్ళకు అన్యాయం జరిగిందనే అంటారు. అలా అనడం తొందరపాటు కూడా కాదు. సంఖ్యాశాస్త్రవేత్త పీటర్ బికెల్, అదే విశ్వవిద్యాలయంలో ఆచార్యుడూ పాలనాధికారీ అయిన యూజీన్ హామెల్, విలియం ఓకానెల్ కలిసి ఆ అన్యాయం ఏ శాఖలో జరిగిందో పట్టుకోవాలని కూర్చున్నారు. అక్కడ సీటు ఇచ్చేది విశ్వవిద్యాలయం కాదు, ఏ శాఖకు ఆ శాఖే. కాబట్టి వివక్ష ఉంటే ఏదో ఒక శాఖలో, లేదా చాలా శాఖల్లో, కనబడి తీరాలి. పోల్చడానికి వీలున్న 85 శాఖలను ఒక్కొక్కటిగా చూస్తే స్త్రీలకు గట్టిగా ప్రతికూలంగా ఉన్నవి నాలుగే తేలాయి. పురుషులకు ప్రతికూలంగా ఉన్నవి ఆరు. ఈ ఫలితాన్ని వాళ్ళు 1975లో ‘సైన్స్’ పత్రికలో ప్రచురించారు. అప్పటినుంచి సంఖ్యాశాస్త్ర పాఠ్యపుస్తకాలు దాన్ని వదిలిపెట్టలేదు.

ఇది ఎలా సాధ్యమో చూడటానికి 85 శాఖలూ అక్కర్లేదు, రెండు చాలు. బర్క్లీ లెక్కల్లో అన్నిటికంటే పెద్ద ఆరు శాఖల వివరాలు పేర్లు లేకుండా ‘ఎ’ నుంచి ‘ఎఫ్’ దాకా అక్షరాలతో బయటికి వచ్చాయి. వాటిలో మొదటిదీ చివరిదీ ఇవి. అంకెలన్నీ అసలువే.

| శాఖ | పురుషులు: దరఖాస్తులు | సీట్లు | శాతం | స్త్రీలు: దరఖాస్తులు | సీట్లు | శాతం |
|---|---|---|---|---|---|---|
| ఎ | 825 | 512 | 62 | 108 | 89 | 82 |
| ఎఫ్ | 373 | 22 | 6 | 341 | 24 | 7 |
| రెండూ కలిపి | 1,198 | 534 | 45 | 449 | 113 | 25 |

‘ఎ’ శాఖలో స్త్రీలది పైచేయి. అది కూడా ఇరవై శాతం తేడాతో. ‘ఎఫ్’లోనూ వెంట్రుకవాసి అయినా వాళ్ళదే పైచేయి. రెండిటినీ కలిపిన వరుసలో మాత్రం పురుషులు 45, స్త్రీలు 25. కూడిక తప్పిందేమోనని అనుమానం వస్తే వేళ్ళమీద లెక్కపెట్టి చూసుకోవచ్చు, ఎక్కడా తప్పు లేదు. కిటుకు దరఖాస్తుల గళ్ళలో ఉంది. ఈ రెండు శాఖలకూ వచ్చిన పురుషుల్లో నూటికి 69 మంది సులువుగా సీటు దొరికే ‘ఎ’కి వెళ్ళారు. స్త్రీలలో నూటికి 76 మంది, సీటు దాదాపు దొరకని ‘ఎఫ్’కి వెళ్ళారు. మొత్తం శాతం అనేది రెండు శాఖల శాతాల సగటే కానీ సమానంగా తీసిన సగటు కాదు, ఎవరు ఎక్కడికి ఎక్కువగా వెళ్ళారో ఆ పాళ్ళలో తీసిన సగటు. పురుషుల సగటు 62 వైపు ఒరిగింది, స్త్రీల సగటు 7 వైపు ఒరిగింది. అంటే చివరి వరుసలో మనం పోలుస్తున్నది స్త్రీపురుషులను కాదు. ‘ఎ’ శాఖ నిండిన ఒక గుంపును, ‘ఎఫ్’ శాఖ నిండిన ఇంకో గుంపుతో పోలుస్తున్నాం.

ఆరు శాఖలనూ పరిస్తే బొమ్మ ఇంత ముచ్చటగా ఉండదు. ఆ సంగతి చెప్పకుండా ఈ ఉదాహరణను వాడేవాళ్ళే ఎక్కువ. ‘సి’, ‘ఇ’ శాఖల్లో పురుషులు మూడు నాలుగు శాతం ముందున్నారు. మిగతా నాలుగింటిలో స్త్రీలు ముందున్నారు. కాబట్టి ప్రతి విభాగంలోనూ ఒక దిశ, మొత్తంలో ఎదురు దిశ అనే కఠినమైన నిర్వచనానికి బర్క్లీ మొత్తంగా ఒదగదు, పై రెండు శాఖల పట్టిక మాత్రమే ఒదుగుతుంది. అయినా అసలు విషయం మారదు. ఆరు శాఖలకు వచ్చిన 2,691 మంది పురుషుల్లో సగానికి పైగా, 1,385 మంది, సులువైన మొదటి రెండు శాఖలకే వచ్చారు. 1,835 మంది స్త్రీలలో ఆ రెండిటికీ వచ్చినవాళ్ళు 133 మందే. ఈ ఒరుగుదలను సరిచేయడానికి జనాభా లెక్కలవాళ్ళు ఎప్పటినుంచో వాడుతున్న పద్ధతి ఒకటుంది. ప్రతి శాఖకూ దాని మొత్తం దరఖాస్తులనే తూకంగా పెట్టి, స్త్రీలకూ పురుషులకూ అదే తూకం వాడాలి. అలా చేస్తే పురుషులకు 39 శాతం, స్త్రీలకు 43 శాతం వస్తుంది. తూకం వేయకముందు ఆరు శాఖల మొత్తం 45, 30గా ఉండేది. ఒకే దత్తాంశం నుంచి రెండు ఎదురెదురు తీర్పులు వచ్చాయి. రెండిటిలోనూ కూడికలు సరిగానే ఉన్నాయి.

ఇది ఏరికోరి తెచ్చిన వింత కాదా, నిజ జీవితంలో ఎన్నిసార్లు జరుగుతుంది అని అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. లెక్క తిరగబడాలంటే రెండు షరతులు ఒకేసారి కుదరాలి. విభాగాల మధ్య అసలు రేటులోనే పెద్ద తేడా ఉండాలి. పోల్చే రెండు గుంపులూ ఆ విభాగాల్లో చాలా వేర్వేరు పాళ్ళలో సర్దుకుని ఉండాలి. ఏ ఒక్కటి లేకపోయినా తిరగబడదు. ‘ఎ’, ‘ఎఫ్’ శాఖల్లో రెండో షరతు తీసేసి, స్త్రీపురుషులు సమానంగా పంచుకున్నారని అనుకుంటే వింత మాయమవుతుంది. కానీ ఈ రెండు షరతులూ అరుదైనవేమీ కావు, కాస్త చుట్టూ చూస్తే చాలు. విశాఖ రేవునే తీసుకుందాం. ఓడ రేవుకు వచ్చి పని ముగించుకుని వెళ్ళడానికి పట్టే సగటు కాలం, రేవుల పనితనానికి కొలమానంగా చెప్పే అంకె. కంటైనర్ ఓడ పని తొందరగా తెములుతుంది. బొగ్గో ముడి ఖనిజమో మోసే ఓడ బెర్తులో ఎక్కువ కాలం కూర్చుంటుంది. వివరంగా చూపడానికి అంకెలు ఊహించుకుందాం. ఒక ఏడాది వంద ఓడల్లో 20 కంటైనర్ ఓడలు, ఒక్కొక్కటి ఒక రోజు. 80 సరుకు ఓడలు, ఒక్కొక్కటి మూడు రోజులు. సగటు 2.6 రోజులు. మరుసటి ఏడు కంటైనర్ ఓడకు 1.2 రోజులు, సరుకు ఓడకు 3.3 రోజులు పట్టింది. అంటే రెండు రకాల పనీ మందగించింది. కానీ ఆ ఏడు వచ్చిన వందలో 60 కంటైనర్ ఓడలే అయితే సగటు 2.04కి దిగుతుంది. మొత్తం సగటు ఒక్కటే చూస్తే రేవు పనితనం పెరిగిందని ప్రకటించవచ్చు, ఆ ప్రకటనలో అబద్ధపు అంకె ఒక్కటీ ఉండదు. బెర్తు దగ్గర పనిచేసేవాళ్ళకు మాత్రం ఆ మాట వింతగా ఉంటుంది.

విశాఖ ఉక్కు కర్మాగారపు టౌన్‌షిప్ ఉక్కునగరానికే వస్తే, అక్కడి క్వార్టర్లలో మరణాల రేటును పక్కనే ఉన్న గాజువాక రేటుతో పోల్చాలని ఎవరైనా అనుకుంటే ఇదే చిక్కు ఎదురవుతుంది. క్వార్టర్లలో ఉండేవాళ్ళు సర్వీసులో ఉన్నవాళ్ళూ వాళ్ళ పిల్లలూ. పదవీ విరమణ అయ్యాక క్వార్టర్ ఖాళీ చేయాలి. ఆ తరవాత కూర్మన్నపాలెంలోనో గాజువాకలోనో ఇల్లు కట్టుకుంటారు, లేదా సొంత ఊరికి వెళ్ళిపోతారు. ముసలితనమూ దానితో వచ్చే చావులూ ఊరి గేటు దాటాకే మొదలవుతాయి. వెయ్యికి ఇన్ని మరణాలు అనే మొత్తం రేటులో ఉక్కునగరం మెరుగ్గా కనబడితే దాన్ని గాలికో ఆసుపత్రికో అంటగట్టలేం. వయసు వారీగా విడదీసి చూస్తే తేడా ఎటు తిరుగుతుందో ముందే చెప్పలేం. దేశంలో దీనికి నిజమైన ఉదాహరణ కేరళ. నమూనా నమోదు లెక్కల్లో కేరళ మొత్తం మరణ రేటు బిహార్ కంటే ఎక్కువగా వస్తోంది, కేరళవాళ్ళ ఆయుర్దాయం మాత్రం బిహార్ కంటే చాలా ఎక్కువ. కేరళలో ముసలివాళ్ళ పాలు ఎక్కువ, బిహార్‌లో పిల్లల పాలు ఎక్కువ. అంతకు మించి రహస్యం లేదు.

ఇంతవరకూ వచ్చాక చాలామంది ఒక సూత్రం పట్టుకుంటారు: మొత్తాన్ని నమ్మకు, ఎప్పుడూ విడదీసి చూడు. ఈ వ్యాసం అసలు తగాదా ఈ సూత్రంతోనే. ఇది సగం నిజం, మిగిలిన సగం ప్రమాదకరం. విచిత్రమేమంటే ఈ విరోధాభాసానికి ఎవరి పేరు పెట్టారో ఆ ఎడ్వర్డ్ సింప్సన్ 1951లో రాసిన వ్యాసంలోనే ఈ సూత్రానికి ఖండన ఉంది. ఈ తిరుగుడును మొదట గమనించింది ఆయన కాదు. కార్ల్ పియర్సన్ 1899లోనూ, ఉడ్నీ యూల్ 1903లోనూ దీని ఛాయలు చూశారు. సింప్సన్ పేరు అతికించింది 1972లో కాలిన్ బ్లిత్. రెండో ప్రపంచయుద్ధంలో బ్లెచ్లీ పార్కులో శత్రువుల సంకేతాలు విప్పే పని చేసి, యుద్ధం ముగిశాక కేంబ్రిడ్జిలో చదువుకున్నవాడు సింప్సన్.

సింప్సన్ ఒకే అంకెల పట్టికకు రెండు కథలు చెప్పాడు. మొదటి కథలో 52 పేకముక్కలున్నాయి. వాటితో ఒక పసిపిల్ల ఆడుకుని కొన్నిటిని మురికి చేసింది. మురికి ముక్కల్లో ఎరుపు బొమ్మలు 4, నలుపు బొమ్మలు 3, మామూలు ఎరుపువి 8, మామూలు నలుపువి 5. శుభ్రమైన ముక్కల్లో ఇవే వరుసగా 2, 3, 12, 15. మురికివాటినీ శుభ్రమైనవాటినీ విడివిడిగా చూస్తే, ఎరుపు ముక్కల్లో బొమ్మల పాలు నలుపువాటిలోకంటే తక్కువగా కనబడుతుంది, రెండు గుట్టల్లోనూ. కలిపితే ఎరుపు బొమ్మలు 6, నలుపు బొమ్మలు 6, మామూలువి 20, 20. పేక ఆడేవాళ్ళందరికీ తెలిసిన లెక్కే, రంగుకూ బొమ్మకూ సంబంధం లేదు. ఇక్కడ కలిపిన పట్టికే సరైనది. పసిపిల్ల వేళ్ళు ఏ ముక్కల మీద పడ్డాయన్నది పేక స్వభావం గురించి ఏమీ చెప్పదు.

రెండో కథలో అవే ఎనిమిది అంకెలు, ముక్కలకు బదులు రోగులు. మురికి, శుభ్రం ఉన్న చోట పురుషులు, స్త్రీలు. మామూలు ముక్కల చోట చికిత్స పొందినవాళ్ళు, బొమ్మల చోట పొందనివాళ్ళు. ఎరుపు అంటే బతికినవాళ్ళు, నలుపు అంటే పోయినవాళ్ళు. చికిత్స పొందిన 13 మంది పురుషుల్లో 8 మంది బతికారు, పొందని ఏడుగురిలో నలుగురు బతికారు: 62 శాతం, 57 శాతం. స్త్రీలలో చికిత్స పొందిన 27 మందిలో 12 మంది, పొందని అయిదుగురిలో ఇద్దరు: 44, 40. ఇద్దరికీ మందు కొంత మేలు చేసింది. కలిపితే 40 మందిలో 20, 12 మందిలో 6, రెండు వైపులా సరిగ్గా సగం, మందు పనికిరానిదై కూర్చుంటుంది. మగవాళ్ళకు మంచిది, ఆడవాళ్ళకు మంచిది, మనుషులకు మాత్రం దండగ అనే వైద్యుడు ఉండడు. ఇక్కడ విడదీసిన పట్టికే సరైనది. రెండు కథల్లోనూ అంకెలు ఒకటే, జవాబులు వేరు. కాబట్టి ఏ పట్టికను నమ్మాలో అంకెల లోపల రాసి ఉండదు, ఎంత మంచి కంప్యూటర్ ప్రోగ్రామూ ఆ అంకెలను మాత్రమే చూసి చెప్పలేదు. రోగి స్త్రీయా పురుషుడా అన్నది చికిత్సకు ముందే నిర్ణయమైపోయింది, ఎవరికి చికిత్స దక్కిందో దాని మీదా ఎవరు బతికారో దాని మీదా దాని ప్రభావం ఉంది. అలాంటి దాన్ని విడదీయాలి. పేకముక్క మురికి కావడం ముక్క రంగూ బొమ్మా ఏర్పడ్డాక జరిగింది. ఏది ముందు, ఏది తరవాత, ఏది దేన్ని కదిలించింది అన్న సంగతి పట్టిక బయటినుంచి రావాలి.

తరవాత జరిగిన దాన్ని పట్టుకుని విడదీస్తే ఏమవుతుందో చెప్పడానికి పేకలతో ఆగిపోనక్కర్లేదు. పొగతాగే తల్లులకు బిడ్డలు తక్కువ బరువుతో పుట్టే అవకాశం ఎక్కువ, ఆ బిడ్డలకు మొత్తం మీద ముప్పు కూడా ఎక్కువే. కానీ తక్కువ బరువు పిల్లలను మాత్రమే వేరుచేసి చూస్తే పొగతాగని తల్లుల పిల్లలలోనే చావులు ఎక్కువగా తేలాయి. కాలిఫోర్నియాలో యెరుషల్మీ అనే పరిశోధకుడు ఇది చూపినప్పుడు, పొగ అంత చెడ్డది కాదేమోనని తర్కించినవాళ్ళు ఉన్నారు. నిజానికి బరువు పొగ తరవాతి సంగతి. పొగతాగని తల్లికి తక్కువ బరువు బిడ్డ పుట్టిందంటే ఇంకేదో పెద్ద కారణం, పుట్టుకతో వచ్చిన లోపంలాంటిది, ఉండి ఉండవచ్చు. అందుకే ఆ గుంపులో చావులు ఎక్కువ. ఇక్కడ విడదీయడమే తప్పుదారి పట్టించింది.

ఈ గీటురాయితో బర్క్లీకి తిరిగి వెళ్తే తీర్పు అంత తేలిక కాదు. శాఖ ఎంపిక దేనికి ముందు, దేనికి తరవాత? సీటు నిర్ణయానికి ముందు, నిజమే. కానీ ‘స్త్రీ’ కావడానికి తరవాత. కాబట్టి ఏ ప్రశ్నకు జవాబు వెతుకుతున్నామో తేల్చుకోవాలి. దరఖాస్తు చేతికి వచ్చాక శాఖలోని ఆచార్యులు స్త్రీ అని చూసి పక్కన పెట్టారా అన్నదే ప్రశ్న అయితే శాఖల వారీగా విడదీయాలి. జవాబు ఎక్కువ చోట్ల ‘లేదు’. స్త్రీగా పుట్టినందువల్ల పై చదువు దక్కే అవకాశం తగ్గిందా అన్నది ప్రశ్న అయితే శాఖల వారీ పట్టిక ఆ నష్టంలో పెద్ద భాగాన్ని కళ్ళముందే తుడిచేస్తుంది. ఎందుకంటే అమ్మాయిలు కిక్కిరిసిన శాఖల వైపు వెళ్ళడమే ఆ నష్టానికి దారి కావచ్చు. బికెల్ బృందం దీన్ని దాచలేదు. గణితం ఎక్కువగా కావలసిన శాఖలకు స్త్రీలు తక్కువగా వస్తున్నారనీ, అసలు మలుపు విశ్వవిద్యాలయం గుమ్మం దాకా రాకముందే, పెంపకంలోనూ అంతకు ముందు చదువులోనూ జరుగుతోందనీ వాళ్ళే రాశారు. బర్క్లీ నిర్దోషి అని ఆ వ్యాసాన్ని ఉదహరించేవాళ్ళు ఈ భాగం దాకా చదవరు. దీనికి తోడు ఇంకో ప్రశ్న ఉంది: ఏ శాఖకు ఎన్ని సీట్లు, ఎంత డబ్బు అన్నది నిర్ణయించేదెవరు? ఆడపిల్లలు ఎక్కువగా వచ్చే శాఖల్లో సీట్లు తక్కువగా ఉంచడం ఏ ఒక్క శాఖ పట్టికలోనూ కనబడని పని.

బర్క్లీ మీద ఇంకా సూటి అభ్యంతరం సంఖ్యాశాస్త్రవేత్త విలియం క్రుస్కల్‌ది. శాఖల వారీగా విడదీస్తే దిశ మారింది సరే, ప్రతి శాఖనూ ఇంకో లక్షణంతో, ఉదాహరణకు దరఖాస్తుదారు ఆ రాష్ట్రంవాడా బయటివాడా అన్నదానితో, మళ్ళీ విడదీస్తే దిశ మళ్ళీ మారదని హామీ ఏది? గణితపరంగా హామీ లేదు. ఇది నిజమైన పరిమితి, దాన్ని ఒప్పుకోవాలి. అయితే అలాంటి లక్షణం ఏదో ఉండవచ్చు అనడం వేరు, అది ఎంత బలంగా ఉండాలో చెప్పడం వేరు. ఊపిరితిత్తుల క్యాన్సర్ తగాదాలో ఇదే వాదన వచ్చింది: పొగ కాదు, పొగ తాగాలనిపించే పుట్టు లక్షణమేదో క్యాన్సర్ తెస్తోందని. 1959లో జెరోమ్ కార్న్‌ఫీల్డ్ బృందం చెప్పిన జవాబు సూటిగా ఉంది. పొగతాగేవాళ్ళకు క్యాన్సర్ తొమ్మిది రెట్లు ఎక్కువైతే, ఆ మొత్తానికీ ఒక దాగున్న లక్షణమే కారణమనాలంటే ఆ లక్షణం కూడా పొగతాగేవాళ్ళలో కనీసం తొమ్మిది రెట్లు ఎక్కువగా ఉండాలి. అంత పెద్దది దాగి ఉండటం కష్టం. తేడా పెద్దదైతే దాన్ని తిరగేయడం కష్టం, చిన్నదైతే సులువు. అందువల్ల ‘ఎ’ శాఖలోని ఇరవై శాతం తేడాను నమ్మినంతగా ‘ఎఫ్’లోని ఒక శాతం తేడాను నమ్మకూడదు.

మన ఇంజనీరింగ్ ప్రవేశాలకు ఇదే చూపు పెడితే బొమ్మ వేరుగా కనబడుతుంది. కన్వీనర్ కోటాలో శాఖాధిపతి ఎవరినీ ఎంచుకోడు. ర్యాంకూ, విద్యార్థి పెట్టుకున్న ఆప్షన్ల వరుసా, రిజర్వేషనూ కలిసి సీటును తేలుస్తాయి. అమ్మాయిలకు మూడో వంతు సీట్లు కేటాయించి ఉంటాయి. కాబట్టి బర్క్లీవాళ్ళు వెతికిన చోట, అంటే సీటు ఇచ్చే చేతిలో, వివక్ష వెతకడం ఇక్కడ వృథా. ఫలానా కాలేజీలో అమ్మాయిలకు ఇంత శాతం, అబ్బాయిలకు ఇంత శాతం ఉద్యోగాలు వచ్చాయని ప్రకటన చూసినప్పుడు, కంప్యూటర్ బ్రాంచిలో ఎవరెందరు, మెకానికల్‌లోనూ మెటలర్జీలోనూ ఎవరెందరు అన్నది లేకుండా ఆ రెండు శాతాలనూ పక్కపక్కన పెట్టకూడదు. బ్రాంచీల వారీగా విడదీశాక తేడా మాయమైనా విషయం అయిపోయినట్టు కాదు. అప్పుడు చూడవలసిన పట్టిక ఇంకొకటి: ఒకే ర్యాంకుల బారులో ఉన్న అమ్మాయిలూ అబ్బాయిలూ మొదటి ఆప్షన్‌గా ఏ బ్రాంచి పెట్టారు, ఏ ఊరి కాలేజీ పెట్టారు, హాస్టల్ ఉన్నదా లేనిదా. ఆ వివరం కౌన్సెలింగ్ యంత్రాంగం దగ్గర ప్రతి ఏటా తయారవుతుంది. పత్రికల్లో మాత్రం ఉత్తీర్ణత శాతాలే వస్తాయి.